అవతలి బ్యాంకు ఔనంటేనే లెక్క

2002 ఫిబ్రవరి మొదటివారంలో ఐర్లాండ్‌లోని అలైడ్ ఐరిష్ బ్యాంక్స్ ఒక చేదు కబురు బయటపెట్టింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆ సంస్థకు ఆల్‌ఫస్ట్ అనే అనుబంధ బ్యాంకు ఉండేది. విదేశీ కరెన్సీల కొనుగోళ్లు, అమ్మకాలు చూసే జాన్ రుస్నాక్ అనే ఒక్క డీలర్ చేతిలో అక్కడ కోట్లాది డాలర్లు కరిగిపోయాయి. తేలిన నష్టం 69 కోట్ల డాలర్ల పైమాటే. ఇది ఒక్క రోజులో వచ్చిన నష్టం కాదు. 1997లో మొదలై, 1999 చివరికి సుమారు 9 కోట్లకు, 2000 చివరికి 30 కోట్లకు, 2001 చివరికి 67 కోట్లకు చేరింది. ఇన్నేళ్లూ ఆ బ్యాంకులో లిమిట్లు ఉన్నాయి, రిస్క్ చూసే విభాగం ఉంది, ఇంటర్నల్ ఆడిట్ ఉంది. అందరి కాగితాలూ సవ్యంగానే ఉన్నాయి.

ఆ కాగితాలు ఎలా సవ్యంగా కనిపించాయో అర్థమైతే ట్రెజరీ ఆడిట్ అంటే ఏమిటో చాలావరకు అర్థమైనట్టే.

ముగ్గురు చేయాల్సిన పని

ఒక సంస్థలో డబ్బును, అప్పులను, విదేశీ మారకాన్ని చూసుకునే విభాగమే ట్రెజరీ. బ్యాంకుల్లో ఇది పెద్ద విభాగం. ఎగుమతి కంపెనీలో అయితే ఒక మేనేజరు, ఇద్దరు గుమస్తాలు ఉండొచ్చు. చిన్నదైనా పెద్దదైనా పని మాత్రం మూడు చేతుల్లో ఉండాలి. బయటి బ్యాంకుతో మాట్లాడి బేరం కుదుర్చుకునే డీలర్ ఉండేది ఫ్రంట్ ఆఫీసులో. ఆ బేరం నిజంగా జరిగిందా అని అవతలి బ్యాంకును నేరుగా అడిగి, డబ్బు పంపి, పుస్తకాల్లో రాసేది బ్యాక్ ఆఫీసు. లిమిట్లు దాటారా, లాభమా నష్టమా అని రోజూ లెక్కకట్టేది మిడిల్ ఆఫీసు.

ఇంత ఏర్పాటు ఎందుకంటే, ఇక్కడ కొనేదీ అమ్మేదీ కంటికి కనిపించే సరుకు కాదు. మూడు నెలల తర్వాత ఫలానా రేటుకు పది లక్షల డాలర్లు అమ్ముతానని ఈరోజే మాట ఇస్తే అది ఫార్వర్డ్. ఫలానా రేటుకు కొనే లేదా అమ్మే హక్కును ప్రీమియం కట్టి తీసుకుంటే అది ఆప్షన్. హక్కు కొన్నవాడికి ఇష్టమైతే వాడుకుంటాడు, లేదంటే వదిలేస్తాడు. ఇలాంటివన్నీ కలిపి డెరివేటివ్స్ అంటారు. గోదాములోకి వెళ్లి బస్తాలు లెక్కపెట్టినట్టు వీటిని లెక్కపెట్టలేం. డెరివేటివ్ ఉందనడానికి ఆధారం ఒక్కటే: అవతలివాడు కూడా ఉందనాలి.

రెండు చీటీలు, సున్నా డబ్బు

రుస్నాక్ జపాన్ యెన్ పెరుగుతుందని నమ్మి పెద్ద మొత్తాల్లో ఫార్వర్డ్‌లు కొన్నాడు. యెన్ పడింది. ఆ నష్టం నిజమైంది, అవతలి బ్యాంకులు నిజమైనవి. దాన్ని కప్పిపెట్టడానికి అతను లేని ఆప్షన్లను పుస్తకాల్లోకి ఎక్కించాడు. ఎత్తు సులువుగా తెలియడానికి ఊహించిన అంకెలతో చూద్దాం.

ఉదయం రెండు డీల్ చీటీలు రాస్తాడు. రెండింటిలోనూ అవతలి పేరు ఆసియాలోని ఒకే బ్యాంకుది. మొదటి చీటీ ప్రకారం ఆల్‌ఫస్ట్ ఆ బ్యాంకుకు ఒక ఆప్షన్ అమ్మింది, 50 లక్షల డాలర్ల ప్రీమియం రావాలి. రెండో చీటీ ప్రకారం అదే బ్యాంకు నుంచి అదే కరెన్సీలో, అదే రేటుకు ఒక ఆప్షన్ కొన్నది, 50 లక్షల ప్రీమియం కట్టాలి. రావాల్సిందీ కట్టాల్సిందీ సమానం కాబట్టి ఒక్క డాలరు కూడా చేతులు మారదు. తేడా గడువులో ఉంది. అమ్మిన ఆప్షన్ గడువు ఆ రోజే తీరిపోతుంది. కొన్న ఆప్షన్‌కు ఇంకా కొన్ని వారాలు ఉంటుంది.

సాయంత్రానికి మొదటి చీటీ గడువు తీరి పుస్తకాల్లోంచి పోతుంది. అంటే బ్యాంకు ఇవ్వాల్సిన బాధ్యత మాయమైంది. రెండోది మాత్రం 50 లక్షల విలువైన ఆస్తిగా మిగిలిపోతుంది. నిజమైన డీల్‌లో పోయిన 50 లక్షల నష్టాన్ని ఈ ఆస్తి కప్పేస్తుంది. దాని గడువు దగ్గరపడగానే మరో జత చీటీలు పుడతాయి. నష్టం పెరిగేకొద్దీ జతలూ పెరుగుతాయి.

ఈ రంగం తెలిసినవారు ఆ జతను ఒక్క నిమిషం చూసినా రెండు చోట్ల ఆగిపోయేవారు. ఒకరోజు గడువున్న హక్కుకూ నెల గడువున్న హక్కుకూ ప్రీమియం ఒకటే ఎలా అవుతుంది? గడువు ఎక్కువుంటే ధర ఎక్కువుండాలి. రెండోది, అమ్మినట్టు రాసిన ఆప్షన్ వాడుకుంటే అవతలి బ్యాంకుకు ఆ రోజే లక్షల డాలర్లు వచ్చే రకం. అలాంటి హక్కును ఏ బ్యాంకైనా వాడుకోకుండా వదిలేస్తుందా? ఒకసారి కాదు, ప్రతిసారీ? గడువు తీరిన ఆప్షన్ల జాబితాను ఎవరూ చూడలేదు. ఉన్నవాటినే అందరూ చూస్తారు, పోయినవాటి జోలికి ఎవరూ వెళ్లరు. ఆడిటర్ ముందుగా వెళ్లాల్సిన చోటు అదే.

అడగకపోవడానికి కారణాలు

డీల్ జరిగిన రోజే బ్యాక్ ఆఫీసు అవతలి బ్యాంకును అడిగి ఖాయం చేసుకోవాలి. దీన్నే కన్ఫర్మేషన్ అంటారు. మొదట్లో రుస్నాక్ దొంగ కన్ఫర్మేషన్లు తయారుచేసి బ్యాక్ ఆఫీసుకు ఇచ్చాడు. తర్వాత ఆ శ్రమ కూడా లేకుండా చేసుకున్నాడు. జతగా ఉన్న ఆప్షన్లలో డబ్బు చేతులు మారదు కదా, వాటికి కన్ఫర్మేషన్ దేనికని బ్యాక్ ఆఫీసును ఒప్పించాడు. పైగా అవతలివి టోక్యో, సింగపూర్ బ్యాంకులు. వాటికి ఫోన్ చేయాలంటే బాల్టిమోర్‌లో అర్ధరాత్రి మేలుకోవాలి. సౌకర్యంగా అనిపించిన ఆ మాట ఆనవాయితీ అయింది.

ఇందులోని తర్కం తలకిందులుగా ఉంది. డబ్బు చేతులు మారే డీల్ తప్పైతే రెండు రోజుల్లో బ్యాంకు ఖాతాలో తేడా వచ్చి తనంతట తనే బయటపడుతుంది. డబ్బు కదలని డీల్‌కు ఆ కాపలా లేదు. కాబట్టి నికర మొత్తం సున్నా ఉన్నచోటే కన్ఫర్మేషన్ ఎక్కువ అవసరం.

లిమిట్లు ఎందుకు మోగలేదు

రుస్నాక్ పెట్టుబడుల మీద రిస్క్ లిమిట్ ఉండేది. మామూలు రోజుల్లో ఒక రోజు ఎంత నష్టం రావొచ్చన్న అంచనా 15 లక్షల డాలర్ల చిల్లర దాటకూడదు. నష్టం ఒక స్థాయికి చేరితే ఆపేయాలన్న నియమం కూడా ఉంది. తేలిన నష్టం ఆ రిస్క్ లిమిట్‌కు నాలుగు వందల రెట్లకు పైన. అయినా అది దాటినట్టు కనిపించలేదు. ఎందుకంటే లిమిట్ కొలిచేది పుస్తకంలో ఉన్నదాన్నే. దొంగ ఆప్షన్లు నిజమైన ఫార్వర్డ్‌లకు రక్షణగా కనిపించాయి కాబట్టి లెక్కకట్టే యంత్రానికి రిస్క్ తక్కువగానే తోచింది. ధృవపరచని డీల్స్ మీద లెక్కకట్టిన లిమిట్ ఎంత కట్టుదిట్టంగా ఉన్నా ఉపయోగం లేదు.

ఇంకో రంధ్రం రేట్లలో ఉంది. చేతిలో ఉన్న ఆప్షన్ల విలువ కట్టాలంటే ఆ రోజు మార్కెట్ రేట్లు కావాలి. అవి డీలర్‌తో సంబంధం లేని దారిలో రావాలి. ఆల్‌ఫస్ట్‌లో మాత్రం రాయిటర్స్ రేట్లు ముందు రుస్నాక్ కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి అతని స్ప్రెడ్‌షీట్‌లోకి, ఆ తర్వాతే మిగిలిన వాళ్లకు వెళ్లేవి. బ్యాక్ ఆఫీసుకు నేరుగా రేట్లు తెప్పించుకోవడానికి పదివేల డాలర్లు అవుతుందని వెనకాడారు. రిస్క్ విభాగంలో ఒకరు ఆ షీట్‌ను పరిశీలిస్తే యెన్, యూరో గడులు రాయిటర్స్‌తో కాకుండా వేరేచోటికి ముడిపడి ఉన్నట్టు కనిపించింది. ఆడిటర్ అడగాల్సిన ప్రశ్న ఇక్కడ చిన్నది: ఈ రేటు మీ దగ్గరికి ఎవరి చేతి మీదుగా వచ్చింది?

అమెరికా మాజీ బ్యాంకింగ్ నియంత్రణాధికారి యూజీన్ లడ్విగ్ 2002 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఇవన్నీ వరసగా ఉన్నాయి. ఇంటర్నల్ ఆడిట్ ట్రెజరీని పరిశీలించకపోలేదు. అయితే శాంపిల్‌గా తీసుకున్న ఆప్షన్ డీల్స్ మరీ తక్కువ. డీలర్ ఏటా వరసగా రెండు వారాలు పనికి దూరంగా ఉండాలన్న నియమమూ ఉంది. రుస్నాక్ సెలవులో కూడా ల్యాప్‌టాప్ మీద డీల్స్ చేసేవాడు. అతని కుర్చీలో మరొకరు కూర్చుని ఉంటే గడువు తీరే ఆప్షన్లను కొత్తగా పుట్టించేవారు ఉండేవారు కాదు.

చివరికి గుట్టు విప్పింది పెద్ద పరిశోధన కాదు. బ్యాక్ ఆఫీసులో ఒక సూపర్‌వైజర్‌కు కన్ఫర్మేషన్ లేని రెండు చీటీలు కంటపడ్డాయి. ఎందుకు లేవని అడిగి, తెప్పించాల్సిందేనని పట్టుబట్టారు. రుస్నాక్ తెచ్చిచ్చిన కాగితాలు అనుమానంగా కనిపించాయి. అవతలి వాళ్ల ఫోన్ నంబర్లు ఇమ్మన్నారు. సోమవారం అతను ఆఫీసుకు రాలేదు. ఆసియా బ్యాంకులను అడిగితే అలాంటి డీల్స్ తాము చేయనేలేదన్నాయి. అయిదేళ్ల కథ కొన్ని ఫోన్ కాల్స్‌తో ముగిసింది. మరుసటి ఏడాది రుస్నాక్‌కు ఏడున్నరేళ్ల జైలుశిక్ష పడింది.

మన ఎగుమతిదారులకు తగిలిన దెబ్బ

ఇది దూరదేశపు బ్యాంకు కథ అనుకోనక్కర్లేదు. 2007-08లో మన దేశంలో చాలా ఎగుమతి కంపెనీలు, ముఖ్యంగా తిరుప్పూరు బట్టల వ్యాపారులు డెరివేటివ్స్‌లో దెబ్బతిన్నారు. అక్కడ డీల్స్ దొంగవి కావు, అవసరం లేనివి. ఆదాయం డాలర్లలో, ఖర్చు రూపాయల్లో ఉన్న కంపెనీ డాలరు, రూపాయి మధ్య రేటుకు రక్షణ తీసుకోవాలి. దాన్నే హెడ్జింగ్ అంటారు. కొన్ని కంపెనీలు స్విస్ ఫ్రాంక్, యెన్ కదలికల మీద ఆధారపడే క్లిష్టమైన ఆప్షన్లలో ఇరుక్కున్నాయి. ముందు ప్రీమియం కట్టక్కర్లేదన్నది వాటి ఆకర్షణ. రేటు ఒక గీత దాటితే నష్టం ఎన్నో రెట్లు అవుతుందన్నది వాటి లోపలి షరతు. కొనేవారికి రిస్క్ పాలసీ ఉందా, రక్షణ కోరే అసలు వ్యాపారం ఎంత అన్నవి సరిగా చూడకుండా అమ్మారన్న తప్పులకు, నియమాలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2011 ఏప్రిల్‌లో 19 బ్యాంకులకు జరిమానా వేసింది.

అందుకే హెడ్జింగ్ అనుమతులను పరిశీలించే ఆడిటర్ సంతకం ఉందా అని చూసి సరిపెట్టుకోడు. ఏ రాబడికి లేదా చెల్లింపుకు ఈ డీల్ రక్షణ, ఆ ఆర్డరు కాగితం ఏది, మొత్తాలూ తేదీలూ పొసుగుతున్నాయా, ఈ రకం డీల్ చేయవచ్చని బోర్డు తీర్మానంలో ఉందా అని చూస్తాడు. సంతకం తేదీని కూడా చూస్తాడు. డీల్ అయిన పదిరోజులకు పెట్టిన సంతకం అనుమతి అనిపించుకోదు.

ఒక రొయ్యల కంపెనీ లెక్క

ఇప్పుడు విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీని ఊహించుకుందాం. రాబోయే ఆరు నెలల్లో 60 లక్షల డాలర్లు వస్తాయని ఆర్డర్లు చెబుతున్నాయి. అందులో గరిష్ఠంగా 75 శాతానికి, అంటే 45 లక్షల డాలర్లకే ఫార్వర్డ్ అమ్మకాలు చేయాలని బోర్డు పాలసీ. ఒక్కో డీల్ 10 లక్షల డాలర్లు మించితే ఫైనాన్స్ డైరెక్టర్ అనుమతి కావాలి. మార్చి 31న ట్రెజరీ రిజిస్టర్‌లో రెండు బ్యాంకులతో చెరి 20 లక్షలు, మొత్తం 40 లక్షల డాలర్ల ఫార్వర్డ్‌లు ఉన్నాయి. అనుమతులన్నీ ఉన్నాయి. లిమిట్ లోపలే ఉంది.

ఆడిటర్ ఇక్కడితో ఆగితే రిజిస్టర్ పరీక్షలో పాసైనట్టే. కానీ రిజిస్టర్ రాసింది ఎవరో, పరీక్షించాల్సింది వారినే. ఆయన కంపెనీ ఖాతాలన్నిటి జాబితా తీస్తాడు. మూడో బ్యాంకులో కరెంట్ ఖాతా ఉంది, రిజిస్టర్ ప్రకారం అక్కడ డీల్స్ లేవు. ఆయన మూడు బ్యాంకులకూ ఉత్తరం రాస్తాడు. అందులో అంకెలు నింపడు. మీ దగ్గర మార్చి 31 నాటికి ఈ కంపెనీ పేరున ఉన్న ఫార్వర్డ్‌లు, ఆప్షన్లు, స్వాప్‌లు అన్నీ మొత్తం, రేటు, గడువుతో సహా రాసి పంపండని ఖాళీ పట్టిక జతచేస్తాడు. అంకెలు మనమే రాసి సరేనా అని అడిగితే అవతలి గుమస్తా చూడకుండా సరే అనొచ్చు. ఖాళీ పట్టిక పంపితే తన పుస్తకం తెరవక తప్పదు.

మొదటి రెండు బ్యాంకుల జవాబులు రిజిస్టర్‌తో సరిపోతాయి. డీల్స్ లేవనుకున్న మూడో బ్యాంకు మాత్రం 25 లక్షల డాలర్ల ఫార్వర్డ్ అమ్మకాలు ఉన్నాయని రాస్తుంది. లెక్క మారిపోయింది. మొత్తం 65 లక్షలు. పాలసీకి 20 లక్షలు ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, రావాల్సిన డాలర్లే 60 లక్షలు. మిగిలిన 5 లక్షల వెనక వ్యాపారం లేదు. రూపాయి విలువ తగ్గి డాలరు ఒక రూపాయి ఎక్కితే ఆ 5 లక్షల మీదే 5 లక్షల రూపాయల నష్టం. దాన్ని హెడ్జింగ్ అనరు, పందెం అంటారు.

ఇది ఎలా జరిగింది? వెనక్కి వెళ్లి చూస్తే, డీల్స్ చేసే అధికారం ఇస్తూ మూడేళ్ల కిందట బోర్డు ఆ బ్యాంకుకు పంపిన తీర్మానం ఇంకా అక్కడ అమల్లో ఉంది. అందులో ఒక్కో డీల్‌కు లిమిట్ రాయలేదు. బ్యాంకు పంపే డీల్ కన్ఫర్మేషన్లు అకౌంట్స్ విభాగానికి కాకుండా డీల్ చేసిన మేనేజరు మెయిల్‌కే వెళ్తున్నాయి. ఆయన పాత నష్టాన్ని పూడ్చుకోవడానికి కొత్త డీల్స్ చేసి, రిజిస్టర్‌లో ఎక్కించలేదు. బ్యాంకు మాత్రం తన పని తాను చేసింది. పంపాల్సిన కాగితం పంపింది, చేరకూడని చేతికి చేరింది.

ఉత్తరం ఏ దారిన వచ్చింది?

మన దేశంలో ఆడిటర్లు పాటించే ఎస్ఏ 505 అనే ప్రమాణం బయటివారి కన్ఫర్మేషన్ల గురించే. దాని సారం ఏమిటంటే ఉత్తరం మీద అదుపు మొదటి నుంచి చివరి వరకు ఆడిటర్‌దే. ఎవరికి రాయాలో ఆడిటర్ నిర్ణయించాలి, చిరునామా సరైనదో కాదో తేల్చుకోవాలి, తానే పంపాలి, జవాబు నేరుగా తనకే రావాలి. ట్రెజరీ మేనేజరు ఇచ్చిన మెయిల్‌కు రాసి, ఆయన చేతికి వచ్చిన జవాబు తీసుకుని ఫైల్లో పెడితే అది పెళ్లికొడుకు గుణగణాలు పెళ్లికొడుకునే అడిగి రాసుకున్నట్టు. చిరునామా, ఫోన్ నంబరు బ్యాంకు అధికారిక జాబితా నుంచి తీసుకోవాలి. బేరం చేసిన బ్యాంకు డీలర్‌కు కాదు, ఆ బ్యాంకులోని కన్ఫర్మేషన్ విభాగానికి రాయాలి.

జవాబు రాకపోతే? మళ్లీ రాయాలి. అప్పటికీ రాకపోతే వేరే ఆధారం వెతకాలి. మార్చి తర్వాత ఆ డీల్ గడువు తీరిన రోజున ఆ రేటుకే, అంత మొత్తమే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించాలి. కనిపిస్తే డీల్ ఉన్నట్టు. గడువు తీరినా డబ్బు కదలకుండా డీల్ రద్దయి, అదే రోజు మరోటి పుట్టి ఉంటే అక్కడ ఇంకో ఉత్తరం అవసరం. అంకెల్లో చిన్న తేడా వచ్చినా టైపింగ్ పొరపాటని కొట్టేయకూడదు. గడువు తేదీలో నెల తేడా ఉంటే విలువ మారుతుంది. కొనుగోలు, అమ్మకం తారుమారైతే రక్షణ అనుకున్నది రెట్టింపు రిస్క్ అవుతుంది.

దీనికీ ఒక హద్దుంది. అవతలి బ్యాంకు జవాబు డీల్ ఉందని చెబుతుంది, ఆ డీల్ కంపెనీకి తగినదని చెప్పదు. తిరుప్పూరు డీల్స్‌కు ఉత్తరాలు రాసి ఉంటే బ్యాంకులు ఔననే చెప్పేవి. విలువ విషయంలోనూ బ్యాంకు తన లెక్క తాను చెబుతుంది. ఆడిటర్ వేరే చోట నుంచి రేటు తెచ్చుకుని మళ్లీ కట్టి చూడాలి. అలాగే కంపెనీకి తెలియని కొత్త బ్యాంకుతో డీల్ ఉంటే ఉత్తరం అక్కడికి వెళ్లనే వెళ్లదు. అందుకే మార్జిన్, బ్రోకరేజి చెల్లింపులు, కారణం తెలియని డెబిట్లు ఏ బ్యాంకు పేరుతో ఉన్నాయో ఖాతా స్టేట్‌మెంట్లలో వెతకాలి.

రొయ్యల కంపెనీ ఆడిటర్ నివేదికలో మేనేజరు మీద నేరారోపణ కన్నా ముందు ఉండాల్సినవి మూడు వాక్యాలు. పాత తీర్మానాన్ని అన్ని బ్యాంకుల దగ్గరా రద్దు చేసి, డీల్ లిమిట్ రాసిన కొత్తది పంపండి. కన్ఫర్మేషన్లన్నీ డీల్స్‌తో సంబంధం లేని అకౌంట్స్ ఉద్యోగికి చేరేలా బ్యాంకులకు రాసి, అందినట్టు జవాబు తీసుకోండి. డీల్స్ ఉన్నా లేకపోయినా ఖాతా ఉన్న ప్రతి బ్యాంకునూ మూడు నెలలకోసారి అడగండి. ఖర్చు కొన్ని ఉత్తరాలు, ఒక ఉద్యోగి సమయం. మూడో బ్యాంకులోని 25 లక్షల డాలర్లు మొదటి మూడు నెలల్లోనే బయటపడి ఉండేవి.